25 మాటల దీవెన: ఒక అనువాదం కేస్ స్టడీ

నేను డబ్బు తీసుకుని చేసే అనువాదాలు వేరు. ఆస్తి పత్రాలు, కోర్టు కాగితాలు, మందుల డబ్బాల్లో మడతపెట్టి పెట్టే సూచనలు. వాటిలో అర్థం తప్పకపోతే చాలు, చదివేవాళ్ళ గుండె కదలాల్సిన పని లేదు. ఇప్పుడు రాస్తున్నది డబ్బులు లేకుండా చేసిన పని గురించి. మూలంలో సంతకం కాకుండా 25 మాటలున్నాయి. నాకు పదకొండు రోజులు పట్టింది.

డబ్లిన్‌లో చదువుకున్న రోజుల్లో నాతో ఒకే ఇంట్లో అద్దెకున్న స్నేహితురాలికి ఈ మధ్య నలభయ్యో పుట్టినరోజు వచ్చింది. వాళ్ళది ఐర్లాండ్ దక్షిణాన కార్క్ ప్రాంతం, పాడి రైతుల కుటుంబం. రెండేళ్ళ కింద మే నెలలో వచ్చి, అమలాపురం దగ్గర మా ఊళ్ళో అమ్మ దగ్గర పది రోజులుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆమెకి తెలుగు రాదు. ఆ పది రోజులూ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలీదుగానీ ఒక్క నిమిషం ఊరుకున్నది మాత్రం లేదు. ఈ పుట్టినరోజుకి అమ్మ ఒక తెల్ల కాగితం మీద నీలం బాల్ పెన్నుతో దీవెన రాసి, ఫొటో తీసి పంపమంది. పంపాను. అరగంటలో ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. అక్షరాలు చాలా అందంగా ఉన్నాయని, ఫ్రేమ్ కట్టిస్తానని, కానీ ఇందులో ఏముందో చెప్పమని. "మాటల అర్థం కాదు, మీ అమ్మ నాతో ఏమంటోందో అది కావాలి" అని కూడా అంది. పని కష్టమైంది ఈ రెండో వాక్యంతోనే.

అమ్మ రాసింది ఇదీ:

"బంగారు తల్లీ, నిండు నూరేళ్ళు చల్లగా ఉండు. పిల్లాపాపలతో, పాడిపంటలతో మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లు. నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు. వేళకి తిను. ఇక్కణ్ణుంచే అక్షింతలు వేస్తున్నాను, తల వంచుకో. – అమ్మ"

పనికిరాని రెండు చిత్తుప్రతులు

మొదటిది మాటకి మాట పెట్టి రాసింది. ఏ అనువాదమైనా నేను అలాగే మొదలుపెడతాను, పడేయడానికే. అందులో "చల్లగా ఉండు" అన్నది "బీ కూల్" అయింది. కుర్రాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు అనుకునే మాట అది. "ఆయుష్షు పోసుకుని" అన్నది ఏదో మంత్రగాడి పనిలా తయారైంది.

రెండోది అసలు ప్రమాదకరమైనది. ఎందుకంటే చూడ్డానికి బాగానే ఉంది. ప్రతి వాక్యం "మే యు" అని మొదలైంది. మే యు లివ్ ఎ లాంగ్ అండ్ హ్యాపీ లైఫ్, మే యు బీ బ్లెస్డ్ విత్ హెల్త్ అండ్ ప్రాస్పెరిటీ, ఇలా. వ్యాకరణం తప్పు లేదు. ఎక్కడా తట్టుకోదు. "వేళకి తిను" అన్నదాన్ని "టేక్ కేర్ ఆఫ్ యువర్‌సెల్ఫ్" చేశాను, మరీ మొరటుగా ఉంటుందేమోనని.

ఇలాంటి నున్నటి ప్రతిని పట్టుకోవడానికి నాకొక పద్ధతి ఉంది. మూలం చూడని మనిషి చేత వెనక్కి తెలుగులోకి రాయించడం. మా అక్క కూతురు డిగ్రీ చదువుతోంది. దానికి ఇంగ్లీషు ప్రతి ఒక్కటే పంపి, ఎవరు ఎవరికి రాశారో చెప్పకుండా, తెలుగు చేసి పంపమన్నాను. వచ్చింది: "మీరు ఆయురారోగ్య ఐశ్వర్యాలతో సుఖసంతోషాలతో కలకాలం జీవించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను." సెంటర్లో కట్టే ఫ్లెక్సీ మీది తెలుగు! ఎమ్మెల్యేగారి ఫొటో ఒక్కటే తక్కువ.

ఈ తిరుగు అనువాదంలో ముందుగా చూడాల్సింది "నువ్వు"నా, "మీరు"నా అన్నది. ఇంగ్లీషులో రెండూ ఒకే "యు"లో కలిసిపోతాయి. అయినా చదివినవాళ్ళకి ఆ వాక్యం ఎంత దగ్గర నుంచి వినిపించిందో, తెలుగు చేసేటప్పుడు వాళ్ళు ఎంచుకున్న మాటలో తేలిపోతుంది. మా అక్క కూతురికి అది "మీరు"గా వినిపించింది. మా అమ్మ జన్మలో ఆ అమ్మాయిని మీరు అనదు. రెండోది "కోరుకుంటున్నాను" అన్న క్రియ. అమ్మ కాగితంలో కోరుకోవడమన్నదే లేదు.

కోరడం కాదు, ఇవ్వడం

శుభాకాంక్షలు ఎవరు ఎవరికైనా చెప్పొచ్చు. ఆఫీసులో బాసుకి చెప్పొచ్చు, పక్కింటి పిల్లాడికి చెప్పొచ్చు. దీవెన అలా కాదు, అది పైనుంచి కిందికే వస్తుంది. మా నాన్నకి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పగలను కానీ ఆయన్ని దీవించలేను, నోరు రాదు. దీవించే మనిషి దగ్గర ఏదో ఉంది, వయసో, పెద్దరికమో, దాన్ని వంగిన తల మీద పెడుతుంది. అందుకే మన దీవెనలు చాలావరకు ఆజ్ఞల రూపంలో ఉంటాయి. ఉండు, వర్ధిల్లు, బతుకు. సంస్కృతంలో చెప్పినా అంతే, "భవ" అన్నది "అగు" అనే ఆజ్ఞే.

ఇదే ఇంగ్లీషులో పెద్ద చిక్కు. లివ్, ఫ్లరిష్, ప్రాస్పర్ అని ఆజ్ఞలుగా పెడితే సైనికాధికారి అరుస్తున్నట్టుంటుంది. "మే యు" అని పెడితే చర్చిలో ఫాదర్ చదువుతున్నట్టుంటుంది. పైగా మా స్నేహితురాలు ఐర్లాండ్ మనిషి. "మే" తో మొదలయ్యే దీవెనలు ఆ దేశం పేరు మీద ప్రపంచమంతా అమ్ముడుపోతాయి. "దారి నీకు ఎదురొచ్చి లేవాలి, గాలి ఎప్పుడూ నీ వెనక నుంచి వీయాలి" అనే అర్థం వచ్చే ఆ ఇంగ్లీషు దీవెన, యాత్రికులు కొనే వంటింటి తువాళ్ళ మీద, కప్పుల మీద, గోడకి తగిలించే పలకల మీద కనబడుతుంది. అమ్మ మాటలకి "మే యు" తొడిగితే ఆమెకి తువాలు గుర్తొస్తుంది.

ఆ తువాలు దీవెన మొదటి ముక్క వెనక మా వృత్తివాళ్ళకి పనికొచ్చే కథ ఒకటుంది. ఐరిష్ భాషలో మూలమని చెప్పేది "గో నైరీ అన్ బోహర్ లత్". అందులోని క్రియకి విడిగా "లేవడం" అని అర్థం. దానికి "తో" అనే మాట చేరితే మాత్రం "కలిసిరావడం, సఫలం కావడం" అవుతుంది. అంటే అసలు దీవెన "దారి నీకు కలిసిరావాలి" అని. ఎవరో విడిమాటని పట్టుకుని అనువదించారంటారు, దారి పైకి లేచింది. తప్పు అనువాదమే, కానీ జనానికి తప్పే నచ్చింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కొంచెం ధైర్యం, కొంచెం భయం కలుగుతాయి.

మరి ఆజ్ఞలా ఉండాలి, అరుపులా ఉండకూడదు, ప్రార్థనలా అసలు ఉండకూడదు. అలాంటి చోటు ఇంగ్లీషులో ఎక్కడుంది? నాలుగు రోజులు దొరకలేదు. ఐదో రోజు వేరే పని చేసుకుంటుంటే, డబ్లిన్‌లో మా ఇంటి ఓనరు ముసలావిడ గుర్తొచ్చింది. వంటింట్లోకి ఎవరు అడుగుపెట్టినా "హ్యావ్ ఎ బిస్కెట్" అనేది. ఆజ్ఞే కదా అది! తీసుకోమనే ఆజ్ఞ. ఇంగ్లీషులో ఆజ్ఞార్థకం గట్టిగా కాకుండా ఆప్యాయంగా వినిపించే చోటు ఏదైనా ఉందంటే, అది ఎదుటి మనిషికి ఏదైనా పెట్టేటప్పుడే. హ్యావ్ ఎ సీట్, హ్యావ్ సమ్ టీ. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

దాంతో తాళం తెరుచుకుంది. "హ్యావ్ ఎ హండ్రెడ్ ఇయర్స్." నూరేళ్ళు ఇదిగో, తీసుకో. అమ్మ నిజంగా చేస్తున్నది అదే. కోరుకోవడం లేదు, వడ్డిస్తోంది.

నూరేళ్ళు, నీడ

నూరు అన్న అంకె మీద నాకు అనుమానం ఉండేది. మనకి "శతమానం భవతి" అన్న వేదాశీర్వచనం నుంచి, చంటిపిల్లలు తుమ్మితే "శతాయుష్షు" అనడం దాకా, నూరంటే ఒక నిండు కుండ. ఎవరి గురించో అనుకుంటుండగా వాళ్ళే గుమ్మంలోకి వస్తే "నీకు నూరేళ్ళు" అంటాం. అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. ఐర్లాండ్‌లో మాత్రం నూరేళ్ళు నిండితే దేశాధ్యక్షుల దగ్గర్నుంచి ఉత్తరం, దాంతోపాటు 2,540 యూరోల చెక్కు వస్తాయి. అంటే అది సర్కారువారి లెక్క. దీన్ని చదవగానే చెక్కు గుర్తొస్తే ఎలా?

ఆమెనే అడిగాను, దీవెన సంగతి చెప్పకుండా, మీ అమ్మమ్మ పుట్టినరోజుకి ఏమనేదని. "గో మారె తూ అన్ కేద్" అనేదట. నువ్వు నూరు బతకాలి అని. అచ్చం మనదే! కాబట్టి ఆ అంకెని ముట్టుకోలేదు. చదివే మనిషి ఇంట్లో ఏముందో కనుక్కోకుండా "వాళ్ళకిది అర్థం కాదు" అని మనమే మార్చేయడం అనువాదకుల్లో తరచూ కనబడే తొందరపాటు. నేనూ చాలాసార్లు చేశాను.

"నిండు" కోసం "ఫుల్" సరిపోలేదు. "ఎ ఫుల్ హండ్రెడ్" అంటే ఒక్కటి తగ్గకుండా వంద అని, కొట్టువాడి లెక్కలా ఉంది. మన నిండు లెక్క చెప్పదు, అంచుదాకా ఉన్న నీళ్ళని చెబుతుంది. అందుకని "ఫుల్ టు ది బ్రిమ్" అన్నాను. వడ్డన క్రియ ముందే ఉంది కాబట్టి గిన్నె అంచు కూడా దాంతో అతికింది.

ఇక "చల్లగా". రెండు రోజులు తిన్నది ఇదే. "ఇన్ పీస్" అంటే సమాధి రాయి. "కంఫర్టబుల్" అంటే సోఫాల ప్రకటన. "వెల్" అంటే ఏమీ లేదు. ఎండ చంపే దేశం కాబట్టి మనం చల్లగా ఉండమంటాం. వానా చలీ ఉన్న దేశం కాబట్టి వాళ్ళు వెచ్చగా ఉండమంటారు, ఆ తువాలు దీవెనలోనే "ఎండ నీ మొహం మీద వెచ్చగా పడాలి" అన్న ముక్క ఉంది. అంటే ఒకే కోరికకి రెండు దేశాల్లో రెండు వ్యతిరేక మాటలు. అనువాద సిద్ధాంతకారుడు యూజీన్ నైడా 1960ల్లో చెప్పిన సూత్రం ప్రకారం పోతే, మూలం చదివినవాళ్ళకి కలిగిన స్పందనే ఇక్కడా కలగాలి కాబట్టి చల్లదనాన్ని వెచ్చదనం చేసేయాలి. చేశాను కూడా. "కీప్ వార్మ్" అని రాసి చూసుకుంటే స్వెటరు వేసుకోమన్నట్టుంది. పైగా అది మా అమ్మ గొంతు కాదు. కోనసీమలో మే నెల ఉక్కపోతలో కూర్చుని వెచ్చగా ఉండమనే మనిషి ఉండదు.

ఇక్కడ నాకు సాయపడింది ఆమె ఆ పది రోజులు పడ్డ పాట్లు. మధ్యాహ్నం రెండింటికి కాలవగట్టు చూస్తానని బయల్దేరి, మొహం ఎర్రగా కందిపోయి తిరిగొచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కొబ్బరితోటలో నులకమంచం మీద కూర్చోబెట్టి, తాటి ముంజలు ఒలిచి పెట్టింది. ఆమెకి చల్లదనమంటే ఏమిటో ఆ నీడలో తెలుసు. మనకి కూడా నీడంటే చల్లదనమూ, ఒక పెద్ద దిక్కూ కదా. కాబట్టి "అండ్ షేడ్ ఓవర్ యు ది హోల్ వే" అని రాశాను. దారి పొడుగునా నీ మీద నీడ. చలిదేశపు మనిషికి నీడ మంచిమాట కాదు, కానీ ఈ మనిషికి అవుతుంది. ఇదే కాగితం ఆమె చెల్లెలికి రాయాల్సొస్తే ఈ మాట పెట్టను.

పిల్లాపాపలు

ఆమె పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు, నలభయ్యేళ్ళు వచ్చాయి. ఈ విషయం మీద ఎవరేమన్నా ఆమెకి గుచ్చుకుంటుందని నాకు తెలుసు. "పిల్లాపాపలతో" దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇంగ్లీషులో "విత్ చిల్డ్రన్" అని పడిందంటే, పుట్టినరోజు నాడు ఒక ముసలావిడ ఆరా తీసినట్టుంటుంది.

అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, పిల్లాపాపలతో అని రాశావు, దానికి పిల్లల్లేరు కదా" అన్నాను. "అయ్యో, నోటి వాలున వచ్చేసిందే" అంది. కాసేపాగి, "అయినా పిల్లాపాపలంటే కన్నవాళ్ళేనా? ఇల్లు సందడిగా ఉండాలని" అంది. నాకు అది సర్దుబాటు మాటేమీ అనిపించలేదు. పిల్లాపాప, పాడిపంట, గొడ్డూగోదా, ఇలాంటి జంటల్లో రెండో మాట అర్థం కోసం ఉన్నంతే మోత కోసమూ ఉంటుంది. జంట కట్టగానే ఆ మాట ఒక మనిషిని వదిలేసి నిండుతనాన్ని చెబుతుంది.

అయితే ఆ మోత ఇంగ్లీషులో కావాలి. ఇంగ్లీషులోనూ ఇలాంటి పాత జంటలున్నాయి. "హేల్ అండ్ హార్టీ", "హౌస్ అండ్ హోమ్", "కిత్ అండ్ కిన్". మూడోది చూడగానే సరిపోయిందనిపించింది. అయినవాళ్ళు, ఎరిగినవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. రెండు మాటలూ ఒకే హల్లుతో మొదలై, పిల్లాపాపలాగే నాలుక మీద గెంతుతాయి. పిల్లలు అనే మాట లేదు, లేనట్టు కూడా లేదు. పాడిపంటకి మాత్రం తడుముకోలేదు, "మిల్క్ అండ్ హార్వెస్ట్". లండన్ మనిషికైతే పాతకాలపు బొమ్మలా ఉండేది. తెల్లారుజామున లేచి ఆవుల పాకలోకి వెళ్ళే అన్న ఉన్న మనిషికి అది సంపదకి అసలు పేరు.

ఒక విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉన్నాను. ఇలా మెత్తబరచినప్పుడు చదివే మనిషికి ఆ సంగతి చెప్పి తీరాలి. అనువాదం కింద రెండు వాక్యాల చీటీ పెట్టాను. అమ్మ వాడిన జంటమాటలో పిల్లలున్నారని, అది అందరితో అనే మాటని, నేను దాన్ని ఇలా మార్చానని. దాచిపెట్టి, రేపు ఇంకో తెలుగు మనిషి ఆ ఫ్రేమ్ చూసి చదివి చెబితే, అప్పుడు గుచ్చుకునేది అమ్మ మాట కాదు, నా దాపరికం.

ఇలాంటిదే మరో గండం తప్పింది. ఆడవాళ్ళని దీవించేటప్పుడు అలవాటుగా వచ్చే "దీర్ఘసుమంగళీ భవ" అమ్మ రాయలేదు. రాసుంటే దానికి ఇంగ్లీషులో జంటమాట వెతికినా లాభం లేదు, అది భర్త ఆయుష్షు గురించిన దీవెన. పెళ్ళికాని మనిషి విషయంలో దాన్ని వదిలేసి, వదిలేశానని చీటీలో చెప్పడమే దారి.

"మూడు పువ్వులు ఆరు కాయలు" గురించి పెద్దగా చెప్పడానికి లేదు. త్రీ ఫ్లవర్స్ సిక్స్ ఫ్రూట్స్ అని పెడితే పొడుపుకథ అవుతుంది. లెక్క విప్పి "టూ ఫ్రూట్స్ ఫ్రమ్ ఎవ్రీ ఫ్లవర్" అన్నాను. పువ్వుకి రెండు కాయలు. జరగని పని జరగాలనడమే ఆ జాతీయం అందం, అది నిలిచింది.

ఆయుష్షు పోయడం

అప్పటికి ఒక మూడో ప్రతి తయారైంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఎడిటర్ ఒకావిడతో నాకు పని పరిచయం. ఆవిడకి చూపించాను. అంతా చదివి, నెమ్మదిగా, "మీ అమ్మగారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

కారణం "నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు". దాన్ని నేను "లివ్ విత్ మై లైఫ్ పోర్డ్ ఇంటు యువర్స్" అని రాశాను. ఇంగ్లీషులో ప్రాణం ధారపోయడమంటే త్యాగం, చావు. మన దగ్గర ఇది మనవడికి నూనె రాసి తలంటుతూ అమ్మమ్మలు ఇరవై సార్లు అనే మాట. అందులో బరువు లేదు, ప్రేమ పొంగి పొర్లడమే ఉంది. అర్థం సరిగ్గా చేర్చాను, బరువు మాత్రం వందరెట్లు పెరిగిపోయింది. అర్థం తప్పితే ఎవరైనా పట్టుకుంటారు. బరువు తప్పితే ఇలా మూడో మనిషి కంగారుపడితేనే తెలుస్తుంది.

విరుగుడు ఆ క్రియలోనే దొరికింది. పోసుకోవడం. ఆయుష్షు పోస్తాం, మజ్జిగా పోస్తాం. అమ్మ ఆ అమ్మాయికి భోజనం పెట్టిన తీరు నా కళ్ళలో ఉంది. ముద్దపప్పు అన్నంలో నెయ్యి వేస్తుంటే ఆమె చాలు చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది. అమ్మ ఆ వేళ్ళ సందుల్లోంచే పోసేది. చేతి మీద నెయ్యి కారిపోతుంటే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆయుష్షు కూడా అమ్మ అలాగే పోస్తోంది, చాలన్నా వినకుండా. "హియర్, హ్యావ్ మై ఇయర్స్ ఆన్ టాప్ ఆఫ్ యువర్స్." లైఫ్ తీసేసి ఇయర్స్ పెట్టాను. ప్రాణం ఇస్తే చావు గుర్తొస్తుంది, ఏళ్ళు ఇస్తే లెక్క కాస్త సరదాగా ఉంటుంది. "ఆన్ టాప్" అన్నది అన్నం మీద నెయ్యి కోసం. ముందున్న "హియర్" గరిటె ఎత్తిన చెయ్యి.

దీని తర్వాత "వేళకి తిను" తనంతట తానే ఒదిగిపోయింది. "ఈట్ ఆన్ టైమ్." అంతే. ఇంతకుముందు దాన్ని మర్యాద చేసి పాడుచేశాను. నూరేళ్ళు, నీడ, ఆయుష్షు అని అంత ఎత్తుకి వెళ్ళి, టక్కున అన్నం దగ్గరికి దిగడమే అమ్మ. ఆ దిగడాన్ని నున్నగా చేస్తే మిగిలేది గ్రీటింగ్ కార్డు.

తల్లీ, అక్షింతలు

"బంగారు తల్లీ" కోసం మొదట ఐరిష్ వాళ్ళు ముద్దుగా అనే "ఎ స్టోర్" పెట్టాలని ఉబలాటపడ్డాను. నా నిధీ అని దానర్థం, బంగారానికి దగ్గరే. కానీ అలా అంటే మాట్లాడేది కార్క్ అమ్మమ్మ అవుతుంది, మా అమ్మ మాయమవుతుంది. "మదర్" అంటే చెప్పక్కర్లేదు. చివరికి అనువదించలేదు. ఆ పది రోజులూ రోజుకి యాభై సార్లు "తల్లీ" అనే పిలుపు ఆమె చెవిన పడింది, పిలిస్తే పలికేది కూడా. తెలుగు చదవలేదు కానీ ఆ ఒక్క మాటా వినగలదు. "తల్లీ" అనే ఉంచి ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. బంగారం మాత్రం పోయింది. "గోల్డెన్ గర్ల్" అంటే టీవీ సీరియల్ గుర్తొస్తోంది, పోనీ అనుకున్నాను.

అక్షింతలు వేయడం ఆమెకి జరిగింది. బయల్దేరే రోజు అమ్మ దేవుడి గది ముందు నిలబెట్టి, పళ్ళెంలోంచి పసుపు కలిపిన బియ్యం తీసి తల మీద వేసింది. అమ్మ పొట్టి, ఆమె ఆరడుగులకి రెండు అంగుళాలు తక్కువ. వంగితే గానీ అందలేదు. అందుకే కాగితంలో ఆ చివరి మాట. "త్రోయింగ్ రైస్" అంటే ఇంగ్లీషువాళ్ళకి చర్చి బయట పెళ్ళిజంట మీద చల్లడం గుర్తొస్తుంది. నేను "పుటింగ్ ది ఎల్లో రైస్" అన్నాను. ఇందులో నాకు చాలా ఇష్టమైనది "ది". తెలుగులో లేని ముక్క అది. ఇంగ్లీషులో "ది" అంటే "నీకు తెలుసు కదా, ఆ" అని. ఇద్దరి మధ్యా ఉన్న జ్ఞాపకాన్ని వివరణ లేకుండా ఒక్క చిన్న మాట మోసేస్తుంది. అలాంటి చోట ఇంగ్లీషు మనకన్నా సుఖం.

పంపిన ప్రతి ఇదీ:

"తల్లీ, హ్యావ్ ఎ హండ్రెడ్ ఇయర్స్, ఫుల్ టు ది బ్రిమ్, అండ్ షేడ్ ఓవర్ యు ది హోల్ వే. హ్యావ్ కిత్ అండ్ కిన్, మిల్క్ అండ్ హార్వెస్ట్, టూ ఫ్రూట్స్ ఫ్రమ్ ఎవ్రీ ఫ్లవర్. హియర్, హ్యావ్ మై ఇయర్స్ ఆన్ టాప్ ఆఫ్ యువర్స్. ఈట్ ఆన్ టైమ్. ఐ యామ్ పుటింగ్ ది ఎల్లో రైస్ ఆన్ యు ఫ్రమ్ హియర్, సో బెండ్ డౌన్ ఎ బిట్. – అమ్మ"

పంపేముందు అక్క కూతురికి మళ్ళీ ఇచ్చాను. ఈసారి దాని తెలుగు "ఇదిగో, నూరేళ్ళు తీసుకో" అని మొదలైంది. "నువ్వు" వచ్చింది. "ఎవరో పెద్దావిడ అన్నం పెడుతూ మాట్లాడుతున్నట్టుంది పిన్నీ" అని కింద రాసింది. చాలనుకున్నాను. అమ్మ చేత తెలుగుది చదివించి, ఆ ఆడియో కూడా జతచేశాను. "వర్ధిల్లు"లోని ఆ బరువైన ఒత్తు, దాదాపు ప్రతి వాక్యం చివరా వచ్చే "ఉ" దించుడు, ఇవి ఇంగ్లీషులోకి తేలేకపోయాను. అవి ఆమె చెవితోనే తీసుకోవాలి.

పుట్టినరోజు నాడు ఆమె దాన్ని భోజనాల బల్ల దగ్గర వాళ్ళవాళ్ళందరికీ చదివి వినిపించిందట. ఆయుష్షు దగ్గర వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుందని, "ఈట్ ఆన్ టైమ్" దగ్గర అందరూ నవ్వారని చెప్పింది. పిల్లాపాపల చీటీ గురించి, "మా పెద్దమ్మలు ఇంతకన్నా సూటిగా అడుగుతారు, నువ్వేం కంగారుపడకు" అంది. తప్పు ఒక్కచోట బయటపడింది. "ఎల్లో రైస్" అనగానే ఆమె అన్న, ఇండియన్ రెస్టారెంటులో పెట్టే పసుపు రంగు పులావు అనుకున్నాడు. తల మీద పులావు ఎందుకు పోస్తారని అడిగాడట. నేను ఆమె ఒక్కదాని కోసమే రాశాను, ఆమెకి తెలిసిన బియ్యం గురించి. పదిమందిలో చదువుతుందని తట్టలేదు. ముందుగా తెలిసుంటే "డ్రై" అన్న మాట ఎక్కడో ఇరికించేదాన్ని.

ఇదంతా అమ్మకి ఫోన్లో వివరంగా చెప్పాను, పులావు సంగతితో సహా. ఓపిగ్గా వింది. "అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ వేళకి తింటోందా?" అంది.